టైప్-సి పిన్నుకు పెట్టిన ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ ఎందుకు రాదు? తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో మొబైల్ రిపేర్ బల్ల ముందు కూర్చునే నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలివి. ఇటు గుణుపురం, కాశీనగర్ నుంచీ అటు పాతపట్నం నుంచీ వచ్చేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మాటతో మొదలుపెడతారు. చివరికి చాలామందిది ఒకటే సమస్య. ఫోనుకు గుండ్రటి ఇయర్‌ఫోన్ జాక్ లేదు, ఒక చిన్న కన్వర్టర్ కొన్నారు, అది చక్కగా దూరింది, సౌండ్ మాత్రం లేదు. కన్వర్టర్ పాడైందనుకుని పారేసినవాళ్లున్నారు. ఫోనే పాడైందనుకుని ఛార్జింగ్ పిన్ను మార్పించుకున్నవాళ్లూ ఉన్నారు. నిజానికి వాటిలో చాలావరకు ఏదీ పాడవలేదు.

ఛార్జింగ్ బాగానే ఎక్కుతోంది. ఇయర్‌ఫోన్స్ పాత ఫోనులో బాగానే పాడుతున్నాయి. మరి ఇక్కడ ఎందుకు రావట్లేదు?

మార్కెట్లో టైప్-సి నుంచి ఇయర్‌ఫోన్ జాక్‌కు మార్చే కన్వర్టర్లు రెండు రకాలున్నాయి, ఒకటి అనలాగ్, ఇంకొకటి డిజిటల్. బయటికి రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. ఒక చివర టైప్-సి పిన్ను, వేలెడంత వైరు, ఇంకో చివర 3.5 మిల్లీమీటర్ల రంధ్రం. లోపల జరిగే పని మాత్రం వేరు. మీ ఫోను ఒక రకాన్నే ఒప్పుకునేదై, మీరు రెండో రకం కొని ఉంటే సౌండ్ రాదు.

పిన్ను దూరింది కాబట్టి పనిచేయాలి అనుకోవడం సహజమే. మైక్రో యూఎస్‌బీ రోజుల నుంచీ మనకు అలవాటైన లెక్క అది. టైప్-సిలో మాత్రం ఆకారం ఒకటే, లోపలి పనులు అనేకం. ఆ చిన్న కంతలో మొత్తం 24 కాంటాక్టులుంటాయి. ఛార్జింగ్‌కు కొన్ని, ఫైళ్లు పంపడానికి కొన్ని, ఏం తగిలించారో గుర్తుపట్టడానికి కొన్ని. ఛార్జింగ్ ఎక్కుతోందంటే కరెంటు దారి బాగుందని మాత్రమే అర్థం. సౌండ్ వెళ్లే దారి వేరు.

అనలాగ్ కన్వర్టర్ లోపల ఏముంటుంది?

దాదాపు ఏమీ ఉండదు, వైర్లే. అందుకే అది చవక.

పాటను మనం వినగలిగే కరెంటుగా మార్చే పని ఎక్కడో ఒక చోట జరగాలి. జాక్ ఉన్న పాత ఫోన్లలో ఆ పని ఫోనులోని ఆడియో చిప్ చేసేది. అనలాగ్ కన్వర్టర్ కూడా ఆ పనిని ఫోనుకే వదిలేస్తుంది. ఫోను పాటను కరెంటుగా మార్చి టైప్-సి పిన్ను ద్వారా బయటికి పంపాలి, కన్వర్టర్ దాన్ని ఇయర్‌ఫోన్‌కు అందిస్తుంది, అంతే.

మరి ఫోనుకు తెలిసేదెలా? టైప్-సిలో సీసీ అనే రెండు కాంటాక్టులున్నాయి. ఏది తగిలించారో ఫోను వీటి ద్వారానే కనిపెడుతుంది. అనలాగ్ కన్వర్టర్ ఆ రెండింటినీ గ్రౌండుకు, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగకు, కలిపేస్తుంది. రెండూ ఒకేసారి గ్రౌండుకు కలిస్తే ఇది ఇయర్‌ఫోన్ కన్వర్టర్ అని అర్థం. అప్పుడు ఫోను, మామూలుగా ఫైళ్లు పంపడానికి వాడే డి ప్లస్, డి మైనస్ అనే రెండు తీగలను ఫైళ్ల పని నుంచి తప్పించి తన ఆడియో చిప్ వైపు తిప్పాలి. డి మైనస్ మీద ఎడమ చెవి సౌండ్, డి ప్లస్ మీద కుడి చెవి సౌండ్ బయటికొస్తాయి. మైకుకూ, ఆడియో గ్రౌండుకూ ఎస్‌బీయూ అనే మరో రెండు కాంటాక్టులు వాడతారు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. అలా తీగలను తిప్పడానికి ఫోను బోర్డు మీద ఒక చిన్న స్విచ్ చిప్ ఉండాలి. టైప్-సి ప్రమాణంలో ఈ పద్ధతి ఉంది కానీ తప్పనిసరి కాదు, కంపెనీ ఇష్టం. ఆ చిప్ పెట్టని ఫోనుకు అనలాగ్ కన్వర్టర్ తగిలిస్తే తీగల మీదకు సౌండే రాదు. ఏ సెట్టింగ్ మార్చినా, ఏ యాప్ వేసినా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినా రాదు. లేని చిప్‌ను సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టలేదు కదా.

మరి డిజిటల్ కన్వర్టర్?

దీని లోపల ఒక బుల్లి చిప్ ఉంటుంది. పాటను కరెంటుగా మార్చే భాగం, డ్యాక్ అంటారు, ఆ చిప్‌లోనే ఉంది. మైకు నుంచి వచ్చే గొంతును అంకెలుగా మార్చే భాగమూ అందులోనే. ఒక రకంగా ఇది పెన్‌డ్రైవ్‌కు చుట్టం. తగిలించగానే ఫోను దీనికి 5 వోల్టుల కరెంటు ఇస్తుంది, నువ్వెవరని అడుగుతుంది, నేను యూఎస్‌బీ సౌండ్ కార్డునని ఇది జవాబు చెబుతుంది. అప్పటి నుంచి పాట అంకెల రూపంలోనే కన్వర్టర్ దాకా వెళ్లి, అక్కడ సౌండుగా మారుతుంది.

కాబట్టి ఫోనులో ప్రత్యేకమైన స్విచ్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ పెట్టగలిగే ఫోను, అంటే ఓటీజీ ఉన్న ఫోను అయితే సాధారణంగా చాలు. ఆండ్రాయిడ్‌లో యూఎస్‌బీ సౌండ్ కార్డులకు మద్దతు 5.0 వెర్షన్ నుంచే ఉంది. నన్ను అడిగితే, ఏది కొనాలో తెలియనివాళ్లు కళ్లు మూసుకుని డిజిటలే కొనాలి. నాలుగు డబ్బులు ఎక్కువైనా అది పనిచేసే ఫోన్లు చాలా ఎక్కువ, రేపు ఫోను మార్చినా పనికొస్తుంది, కంప్యూటర్‌కు కూడా తగిలించుకోవచ్చు.

ఏ ఫోను ఏ రకం ఒప్పుకుంటుంది?

అన్ని మోడళ్లకూ ఇక్కడ పట్టిక ఇవ్వలేను. నాకు కచ్చితంగా తెలిసినవి చెబుతాను. గూగుల్ పిక్సెల్ 2 డిజిటల్ మాత్రమే. జాక్ తీసేసి 2019లో వచ్చిన గెలాక్సీ నోట్ 10 కూడా అంతే. ఐఫోన్లలో 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి టైప్-సి పెట్టారు, వాటికీ డిజిటలే కావాలి. 2018 నాటి వన్‌ప్లస్ 6టీ మాత్రం రెండింటినీ ఒప్పుకుంటుంది. జాక్ తీసేసిన తొలి ఏళ్లలో కొన్ని కంపెనీలు ఫోను పెట్టెలోనే అనలాగ్ కన్వర్టర్ ఇచ్చేవి. అన్నయ్య పాత ఫోను పెట్టెలో దొరికింది కదా అని తమ్ముడు కొత్త ఫోనుకు పెట్టుకుంటే మూగగా ఉండటానికి కారణం అదే.

నా చేతిలో ఉన్న కన్వర్టర్ ఏ రకమో తెలుసుకోవడం ఎలా?

పరికరమేదీ లేకుండా చేసే పరీక్ష ముందు చెబుతాను. ఫోనులో పాట పెట్టండి, స్పీకరులో మోగుతుండగా ఇయర్‌ఫోన్స్ గుచ్చి ఉన్న కన్వర్టర్‌ను తగిలించండి. ఇప్పుడు సౌండ్ ఎక్కడుందో చూడండి.

పాట ఇంకా స్పీకరులోనే మోగుతుంటే, ఫోను మీ కన్వర్టర్‌ను గుర్తించలేదనే చాలావరకు అర్థం. ఒకటి, అది అనలాగ్ అయి మీ ఫోనుకు స్విచ్ లేకపోవాలి. లేదంటే అది డిజిటలే అయి ఓటీజీ ఆపి ఉండాలి, పిన్నులో దుమ్మైనా ఉండాలి.

స్పీకరు మూగబోయి, చెవుల్లో కూడా ఏమీ వినపడకపోతే కథ వేరు. ఫోను కన్వర్టర్‌ను గుర్తించింది, పాటను అటు పంపుతోంది. లోపం అవతల ఉంది. ఇయర్‌ఫోన్ జాక్ పూర్తిగా దిగలేదేమో, కన్వర్టర్ వైరు మొదట్లో తెగిందేమో, వాల్యూమ్ సున్నాలో ఉందేమో చూడాలి.

కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు ఇంకా స్పష్టంగా చెబుతాయి. అనలాగ్ కన్వర్టర్ పెట్టగానే పై నుంచి ఈ నోటిఫికేషన్ దిగుతుంది:

```
Analog audio accessory detected
The attached device is not compatible with this phone.
```

ఇది కనిపిస్తే ఇంక వెతకాల్సిన పని లేదు. ఈ ఫోనుకు డిజిటల్ కన్వర్టర్ కావాలి. చాలామంది దీన్ని చదవకుండానే పక్కకు తోసేస్తారు, తర్వాత రోజంతా కన్వర్టర్‌ను తిప్పి తిప్పి పెడుతుంటారు.

టైప్-సి ఉన్న కంప్యూటర్ దగ్గరుంటే ఇంకా సులువు. ఇయర్‌ఫోన్స్ గుచ్చే ఉంచి కన్వర్టర్‌ను కంప్యూటర్‌కు పెట్టండి. ఇయర్‌ఫోన్స్ గుచ్చమని ఎందుకు అంటున్నానంటే, అవి లేకపోతే నిద్రలేవని కన్వర్టర్లు కొన్నున్నాయి. సౌండ్ సెట్టింగుల్లో కొత్త పరికరం పేరు కనబడితే డిజిటల్. ఏమీ కనబడకపోతే, కన్వర్టర్ బాగున్నదే అయితే, అనలాగ్. లైనక్స్ వాడేవాళ్లు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఇది కొట్టి చూస్తే చాలు. డిజిటల్ అయితే రెండోసారి ఒక వరుస ఎక్కువ కనిపిస్తుంది.

```
lsusb
```

పెట్టె మీద డ్యాక్ అనో, 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ అనో రాసి ఉంటే అది డిజిటల్ అని చెప్పుకుంటున్నట్టు లెక్క. ఏమీ రాయకపోతే అడిగే కొనాలి. సైజును బట్టి మాత్రం తేల్చకండి. చిప్ ఎంత చిన్నదంటే టైప్-సి పిన్ను తొడుగులోనే దాగిపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతారా? నిజంగా ఎలా తేల్చారు?

మొన్న వానాకాలంలో కాశీనగర్ దగ్గర నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆన్‌లైన్లో తెప్పించుకున్న కన్వర్టర్, దాని తోడు పాత ఇయర్‌ఫోన్స్. "అన్నా, దీనికి పిన్ను పోయిందంటన్నారు, మార్చాలా? రేపట్నుంచి క్లాసులున్నాయి" అంది. వేరే చోట పిన్ను మార్చడానికి ఆరు వందలు అడిగారట.

ముందు ఇయర్‌ఫోన్స్‌ను నా దగ్గరున్న జాక్ ఫోనుకు పెట్టాను. రెండు చెవులూ పాడాయి. అంటే ఇయర్‌ఫోన్స్ మంచివే. తర్వాత ఆమె ఫోనులో పాట పెట్టి కన్వర్టర్ తగిలించాను. స్పీకరు ఆగలేదు. తిరగేసి పెట్టాను, అప్పుడూ ఆగలేదు. ఫోనును యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపి ఒక ఫొటో పంపి చూశాను, వెళ్లింది. ఇది ముఖ్యమైన మెట్టు. ఫొటో వెళ్లిందంటే డి ప్లస్, డి మైనస్ తీగలు బాగున్నట్టే. పిన్ను పోలేదు, ఆరు వందలు అక్కర్లేదు.

అప్పుడు కన్వర్టర్‌ను పట్టాను. నా దగ్గర టైప్-సి కాంటాక్టులన్నీ విడివిడిగా బయటికి తీసిన చిన్న టెస్ట్ బోర్డు ఉంది. కన్వర్టర్‌ను దానికి గుచ్చి మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టాను. మొదటి సీసీ నుంచి గ్రౌండుకు, దాదాపు సున్నా. రెండో సీసీ నుంచి గ్రౌండుకు, అదీ దాదాపు సున్నా. ప్రమాణం ప్రకారం అనలాగ్ కన్వర్టర్‌లో ఈ రెండూ 1.2 కిలో ఓమ్స్ కంటే తక్కువే ఉండాలి. తర్వాత ఒక ఇయర్‌ఫోన్ జాక్ తెగిన వైరును రంధ్రంలో గుచ్చి, మీటరును తీగ కలిస్తే కూసే కంటిన్యుటీకి మార్చి, దాని కొస నుంచి డి మైనస్‌కు చూశాను. మీటరు కూసింది. ఎడమ చెవి తీగ నేరుగా డి మైనస్‌కు వెళ్తోంది, మధ్యలో చిప్ లేదు. అచ్చమైన అనలాగ్.

ఆమెకు తేడా చూపించాలని ఒక డిజిటల్ కన్వర్టర్‌ను అదే బోర్డుకు పెట్టాను. ఒక సీసీ దగ్గర 5.1 కిలో ఓమ్స్ దరిదాపుల్లో చూపించింది, రెండోది ఖాళీ. జాక్ కొస నుంచి డి మైనస్‌కు మీటరు కూయలేదు. దాన్ని ఆమె ఫోనుకు తగిలించగానే స్పీకరు ఆగి పాట చెవుల్లోకి వెళ్లింది. ఆమె తెచ్చిన కన్వర్టర్‌ను నా పాత వన్‌ప్లస్ 6టీకి పెట్టాను, అదీ హాయిగా పాడింది. కన్వర్టర్ మంచిదే, ఫోను మంచిదే, వాటికి జత కుదరలేదు. ఆమె ఆ అనలాగ్‌ను వెనక్కి పంపేసింది. వాపసు కారణంలో "పాడైంది" అని రాయకుండా "నా ఫోనుకు సరిపడదు" అని రాయించాను, ఎందుకంటే పాడైందంటే మళ్లీ అలాంటిదే ఇంకొకటి పంపుతారు.

డిజిటల్ కొన్నాను, అయినా రావట్లేదు. ఇప్పుడేంటి?

ముందు ఓటీజీ చూడండి. ఒప్పో, రియల్‌మీ, కొన్ని వన్‌ప్లస్ ఫోన్లలో ఓటీజీకి సెట్టింగుల్లో విడిగా మీట ఉంటుంది. సెట్టింగుల వెతుకు పెట్టెలో `OTG` అని కొడితే దొరుకుతుంది. దాన్ని ఆన్ చేయకపోతే ఫోను కన్వర్టర్‌కు కరెంటే ఇవ్వదు. ఇంకో సంగతి, పది నిమిషాలు ఏమీ తగిలించకపోతే ఆ మీట దానంతటదే ఆగిపోతుంది. నిన్న రాత్రి పాడింది, పొద్దున పాడట్లేదు అని వచ్చేవాళ్లలో కొందరిది ఇదే.

తర్వాత డెవలపర్ ఆప్షన్స్. అవి ఎప్పుడూ తెరవని వాళ్లకు ఈ సమస్య ఉండదు. తెరిచి ఏవేవో నొక్కినవాళ్లు `Disable USB audio routing` అనే మీట ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే కన్వర్టర్‌ను గుర్తించినా పాట స్పీకరులోనే ఉండిపోతుంది.

ఇక పిన్నును తిరగేసి పెట్టండి. టైప్-సి రెండు వైపులా పనిచేయాలి. డిజిటల్ కన్వర్టర్ పిన్నులో డి ప్లస్, డి మైనస్ ఒక వైపు వరుసలోనే ఉంటాయి కాబట్టి, తిరగేస్తే ఫోనులోని రెండో వరుస కాంటాక్టులు వాడుకుంటుంది. ఒక వైపు పెడితే పాడి, ఇంకో వైపు పెడితే పాడకపోతే ఫోను పిన్నులో ఒక వరుస మురికి పట్టిందనో అరిగిందనో తేలిపోతుంది. జేబులో పెట్టుకు తిరిగే ఫోన్లలో నూలు పీచు కంత అడుగున దిమ్మలా గట్టిపడుతుంది. పిన్ను పూర్తిగా దిగకుండా సగంలో ఆగుతుంది, చేత్తో పట్టుకుంటే కొద్దిగా ఊగుతుంది. ఫోను ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా అడుగు నుంచి బయటికి లాగితే వచ్చేస్తుంది. గుండుసూది, పిన్నీసు వద్దు. మధ్యలో ఉన్న పలుచటి నాలుకను అది చీల్చేస్తుంది, అప్పుడు నిజంగానే పిన్ను మార్చాలి.

ఛార్జింగ్ పెట్టుకుంటూ పాటలు వినే రెండు కంతల కన్వర్టర్ కొనొచ్చా?

నౌపడ నుంచి గుణుపురం బండిలో పవర్‌బ్యాంకు పెట్టుకుని వినేవాళ్లు ఎక్కువగా అడుగుతారు. కొనొచ్చు కానీ వీటితోనే ఎక్కువ గొడవ. అనలాగ్ రకంలో ఛార్జింగ్‌కు ప్రమాణం అనుమతించేది 500 మిల్లీయాంపులే, అంటే ఫాస్ట్ ఛార్జింగ్ ఆశ పెట్టుకోకూడదు. డిజిటల్ రకంలో ఫోను ఒకే సమయంలో కరెంటు తీసుకుంటూ కన్వర్టర్‌ను నడపాలి. ఆ ఒప్పందం ఫోనుతో సరిగ్గా కుదుర్చుకునే చిప్ లేని చవక రకాల్లో ఛార్జర్ పెట్టగానే పాట ఆగిపోతుంది. అందుకే కొట్లో మీ ఫోనుతో, ఛార్జర్ పెట్టి, పాట మోగుతుండగా ఒక నిమిషం చూసుకునే డబ్బులివ్వండి.

సౌండ్ వస్తోంది కానీ చాలా తక్కువ. ఎందుకు?

యాపిల్ డిజిటల్ కన్వర్టర్‌ను ఆండ్రాయిడ్ ఫోనుకు పెడితే చాలా ఫోన్లలో ఇలాగే ఉంటుంది. కన్వర్టర్ లోపల దానికంటూ ఒక వాల్యూమ్ ఉంది, ఆండ్రాయిడ్ దాన్ని పూర్తిగా పెంచదు. కంప్యూటర్‌కు పెడితే అదే కన్వర్టర్ గట్టిగా పాడుతుంది. లోపం కాదు, ఆండ్రాయిడ్‌కు వేరేది కొనుక్కోవడమే మేలు.

ఇంటర్నెట్ లేని చోట ఎఫ్ఎం రేడియో వింటాం. కన్వర్టర్‌తో వస్తుందా?

కొండ ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఇది. ఫోనులోని ఎఫ్ఎంకు ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. జాక్‌లో గుచ్చితే ఆ వైరు నేరుగా ఫోను లోపలి రేడియోకు కలుస్తుంది. డిజిటల్ కన్వర్టర్‌లో ఆ వైరు కన్వర్టర్ చిప్ దగ్గరే ఆగిపోతుంది, ఫోను దాకా చేరదు. అందుకే పాటలు బాగా వస్తున్నా ఎఫ్ఎం యాప్ మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టమని అడుగుతూనే ఉంటుంది. ఎఫ్ఎం కోసమే అయితే గుండ్రటి జాక్ ఉన్న ఫోనే తీసుకోమని చెబుతాను. తక్కువ ధర ఫోన్లలో అలాంటివి ఇప్పటికీ దొరుకుతున్నాయి.